నకిరేకల్ నిమ్మకాయ తొక్కును బెంగళూరుకు పంపాలంటే: లైసెన్స్, లేబుల్, నిల్వ, కొరియర్

నల్లగొండ వైపు ఇంటి తొక్కులకు గిరాకీ కొత్తగా పుట్టింది కాదు. బెంగళూరులోనో పుణెలోనో ఉన్న పిల్లలకు అమ్మలు డబ్బాలు కట్టి బస్సులో పంపుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ పిల్లల పక్క ఫ్లాట్ వాళ్లు డబ్బులిచ్చి అడుగుతున్నారు. ఇంట్లోవాళ్లకు పంపినప్పుడు చిన్న తేడా వచ్చినా సర్దుకుంటారు. ముక్కూ మొహం తెలియని మనిషికి అమ్మినప్పుడు ఆ సీసా మీద మన పేరు, మన ఊరు, ఒక తేదీ ఉంటాయి. ఆ తేదీ వరకు లోపలి సరుకు బాగుంటుందని మనం రాసిచ్చినట్టే.

అందుకే ఇక్కడ ఒకే వస్తువును పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం: నకిరేకల్ మార్కెట్‌లో కొన్న నిమ్మకాయలతో చేసిన తొక్కు, 500 గ్రాముల సీసా, బెంగళూరు ప్రయాణం. మొదలుపెట్టేవాళ్లకు నిమ్మ తొక్కే మంచిదని నా అభిప్రాయం. పులుపు దానిలోనే ఉంది, ఉప్పు ఎక్కువ పడుతుంది, నీళ్లు అక్కర్లేదు. టమాటా, గోంగూర, వెల్లుల్లి తొక్కులకు ఇంతకంటే జాగ్రత్త కావాలి. మాంసం, చేప, రొయ్యల పచ్చళ్ల జోలికి మొదటి ఏడాది వెళ్లకండి.

ముందు ఫుడ్ లైసెన్స్

మనం లైసెన్స్ అని పిలిచే దానిలో మెట్లున్నాయి. చిన్న వ్యాపారానికి కావలసింది రిజిస్ట్రేషన్. ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, అది దాటితే స్టేట్ లైసెన్స్ అన్నది చాలా ఏళ్లు నడిచిన లెక్క. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఈ హద్దులను, ఫీజులను ప్రభుత్వం మారుస్తుంటుంది కాబట్టి అప్లై చేసే రోజున దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్ foscos.fssai.gov.in లో ఒకసారి చూసుకోండి. ఫారం కూడా అక్కడే నింపాలి. ఫోటో, గుర్తింపు కార్డు, వంట చేసే చోటి అడ్రస్ ప్రూఫ్ ఉంటే చాలు. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడి కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి.

ఈ ఫారంలో చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. ఏం వ్యాపారం అని అడిగినప్పుడు ‘రిటైలర్’ అని పెట్టేస్తారు, అమ్ముతున్నాం కదా అని. తొక్కు మనమే తయారు చేస్తున్నాం కాబట్టి మనం తయారీదారులం. ‘మాన్యుఫాక్చరర్’ కిందే పెట్టాలి. తర్వాత ఏయే వస్తువులు చేస్తామో కేటగిరీల వారీగా ఎంచుకోవాలి. తొక్కులు పండ్లు, కూరగాయల ఉత్పత్తుల్లోకి వస్తాయి, కారం పొడులు మసాలాల్లోకి, సకినాలు, అరిసెలు వేరే కేటగిరీలోకి. ఇవాళ తొక్కు ఒక్కటే చేసినా, సంక్రాంతికి సకినాలు పంపే ఆలోచన ఉంటే ఇప్పుడే చేర్చండి.

అధికారి ఏడు రోజుల్లో నంబర్ ఇవ్వొచ్చు, లేదా వంటిల్లు చూడటానికి వస్తామని చెప్పొచ్చు. వస్తే టెన్షన్ పడాల్సిన పని లేదు. తొక్కు కలిపే చోటు ఇంటి రోజువారీ వంటకు వేరుగా ఉందా, నీళ్లు ఎక్కడివి, ఈగలు రాకుండా జాలీ ఉందా, కలిపేవాళ్లకు జుట్టు టోపీ, ఆరోగ్య పరీక్ష కాగితం ఉన్నాయా అని చూస్తారు. వచ్చే నంబర్‌కు 14 అంకెలు ఉంటాయి. లేబుల్ మీద, బిల్లు మీద, ఆన్‌లైన్ పేజీలో అదే వేయాలి.

జీఎస్టీ: రాష్ట్రం దాటగానే లెక్క మారుతుంది

తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు 20 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరికీ తెలుసు. హైదరాబాద్, వరంగల్ దాకా మీరే నేరుగా అమ్ముకుంటే అది నిజమే. కానీ పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బెంగళూరు ఆర్డర్ తీసుకున్నారంటే జీఎస్టీ నంబర్ ఉండాలి. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు, కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మసాలాలు, మిఠాయిల మీదా 5 శాతమే.

నా సలహా ఏమిటంటే, మొదటి కొన్ని నెలలు హైదరాబాద్‌కే అమ్మండి. సరుకు, ప్యాకింగ్ కుదిరాక జీఎస్టీ తీసుకుని రాష్ట్రం దాటండి. నెలనెలా రిటర్నులు వేయడానికి అకౌంటెంట్‌కు ఇచ్చే డబ్బు, పది సీసాల అమ్మకం మీద మోయలేని భారం.

తూకం పెట్టి చేయడం

ఇంట్లో చేతి కొలతతో కలుపుతాం. అమ్మకానికి అది పనికిరాదు. ఒక బ్యాచ్‌లో ఉప్పు తగ్గితే అదే ముందు పాడవుతుంది, ఏది పాడైందో మనకు తెలియదు కూడా. గింజలు తీసిన నిమ్మ ముక్కలు కిలో తీసుకుంటే నేను వేసే లెక్క ఇది: ఉప్పు 200 గ్రాములు, కారం 150, మెంతిపొడి 30, పసుపు 10, పల్లి నూనె 250 మిల్లీలీటర్లు, అంటే సుమారు 230 గ్రాములు. పోపులో ఆవాలు, ఇంగువ కొద్దిగా. అన్నీ కలిపితే 1,620 గ్రాములు దాటుతుంది.

ఇందులో ఉప్పు 12 శాతం పైన ఉంది. ఉప్పుతో నిల్వ ఉండే పచ్చడికి ప్రమాణాల్లో చెప్పే కనీసం కూడా 12 శాతమే. “అక్కా, ఉప్పు కొంచెం తగ్గించి చేస్తారా” అని అడిగేవాళ్లు చాలామంది. 200 బదులు 150 గ్రాములు వేస్తే అది 10 శాతం లోపుకు పడిపోతుంది. రుచికి అది చిన్న తేడా, నిల్వకు పెద్ద తేడా. తక్కువ ఉప్పుతో చేయాలనుకుంటే దాన్ని వేరే వస్తువుగా చూడండి: వేరే తేదీ, ఫ్రిజ్‌లో నిల్వ, దగ్గరి ఊళ్లకే అమ్మకం.

కాయలు కడిగి, తుడిచి, నీడన పూర్తిగా ఆరబెట్టాకే కోయాలి. తొడిమ దగ్గర గుంటలో నీటి చుక్క దాక్కుంటుంది, అక్కడే చూడండి. ఉప్పు, పసుపు పట్టించి జాడీలో వారం, పది రోజులు ఊరనివ్వాలి. రోజుకోసారి పొడి గరిటెతో తిప్పాలి. తొక్క మెత్తబడి, కొరికితే లోపలి దాకా ఉప్పు తగలాలి. అప్పుడే కారం, మెంతిపొడి కలిపి, చల్లారిన పోపు పోయాలి. పోపు వెచ్చగా ఉండగా సీసాలో పోస్తే మూత లోపల ఆవిరి నీరుగా మారుతుంది. బూజు మొదలయ్యేది ఆ చుక్క దగ్గరే.

వెల్లుల్లి వేసే అలవాటున్నవాళ్లకు ఒక మాట. పచ్చి వెల్లుల్లిని నూనెలో విడిగా నానబెట్టి ఉంచి తర్వాత కలపకండి. గాలి తగలని నూనెలో, పులుపు లేని చోట విషం పుట్టించే బాక్టీరియా పెరగగలదు. దానికి వాసన, రంగు ఏమీ ఉండకపోవచ్చు. వెల్లుల్లిని నిమ్మరసంలోనే ఊరబెట్టి కలపండి.

తేదీ ఎంత రాయాలి

మార్కెట్‌లో పెద్ద కంపెనీల సీసా మీద ఏడాది ఉంది కాబట్టి మనమూ ఏడాది రాస్తాం అంటే కుదరదు. వాళ్ల మెషీన్లు, వాళ్లు వేసే ప్రిజర్వేటివ్‌లు వేరు. మన తేదీ మన వంటింట్లోనే తేలాలి.

దానికి కావలసిన పరికరం పీహెచ్ మీటర్. పులుపు ఎంత ఉందో అంకెలో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఇందాక చెప్పిన విషపు బాక్టీరియా పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్న చోట పెరగదు. అందుకే అది దాటరాని గీత. ఊరిన నిమ్మ తొక్కు 3 దరిదాపుల్లో ఉంటుంది, కాబట్టి మనకు మంచి దూరమే ఉంది. ఎప్పుడైనా 4 దగ్గరికి వచ్చిందంటే ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టి కారణం వెతకాలి. రంగు మారే కాగితపు పట్టీలు మనకు పనికిరావు, పసుపు, కారం వాటికి అంటి ఏ రంగో తెలియదు. మీటర్‌ను కూడా నేరుగా సీసాలో ముంచకండి, నూనె అంటి తప్పు అంకె చూపిస్తుంది. రెండు చెంచాల తొక్కు తీసి, టిష్యూతో నూనె అద్ది, కొంచెం డిస్టిల్డ్ వాటర్‌తో మిక్సీ పట్టి, అందులో కొలవండి. కొలిచే ముందు మీటర్‌తో వచ్చే 4, 7 ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి.

తర్వాత ప్రతి బ్యాచ్ నుంచి మూడు సీసాలు అమ్మకుండా ఉంచండి. అమ్మే సీసా, అమ్మే మూత, అదే సీల్. ఒకటి చల్లటి అల్మారాలో, ఒకటి వంటింట్లో, ఒకటి రేకుల గదిలోనో అటక మీదో. నల్లగొండ ఎండాకాలంలో ఆ అటక వేడి, కొరియర్ వ్యాన్‌లోని వేడికి దగ్గరగా ఉంటుంది. పదిహేను రోజులకోసారి బయటి నుంచి చూసి, నెలకోసారి తీసి, ఒక నోటుబుక్‌లో రాయండి.

ఏం చూడాలంటే: మూత కింద సీల్ ఉబ్బిందా, నూనెలో బుడగలు పైకి వస్తున్నాయా. అలా ఉంటే లోపల పులిసిపోతోంది, ఉప్పు తక్కువైందో తడి తగిలిందో అర్థం. నూనె పైకి తేలిన ముక్క మీద తెల్లటి లేక పచ్చటి చుక్క కనిపిస్తే బూజు. ఆ ముక్క తీసేసి మిగతాది అమ్మడం ఉండదు, సీసా మొత్తం పారేయాల్సిందే. పాత నూనె కంపు వస్తే గాలి ఎక్కువ తగిలింది. రంగు నల్లబడటం మాత్రం వేరే సంగతి. నిమ్మ తొక్కు నెలలు గడిచేకొద్దీ ముదురు రంగుకు వస్తుంది, వేడిలో ఇంకా త్వరగా. అది చెడిపోవడం కాదు, కానీ కొన్నవాళ్లు ఫోటో పెట్టి అడుగుతారు. ముందే పేజీలో రాసి పెట్టుకుంటే మాట పెరగదు.

అటక మీది సీసా ఎన్నాళ్లు బాగుంటే, దానిలో మూడింట రెండు వంతులే లేబుల్ మీద రాయండి. తొమ్మిది నెలలు నిలిస్తే ఆరు నెలలు. మొదటి బ్యాచ్‌కు తొమ్మిది నెలలు ఆగలేం కాబట్టి మూడు నెలల తేదీతో మొదలుపెట్టి, నోటుబుక్ ధైర్యం ఇచ్చేకొద్దీ పెంచుకోవచ్చు.

లేబుల్

లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి, దానికి తోడు తెలుగు వేసుకోవచ్చు. తెలుగు ఒక్కటే ఉంటే చెల్లదు. వస్తువు పేరు, పచ్చని చతురస్రంలో పచ్చని చుక్క ఉండే శాకాహార గుర్తు, ఫుడ్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగోతో సహా, తయారీదారు పూర్తి అడ్రస్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, వాడాల్సిన చివరి తేదీ, నికర బరువు, అన్ని పన్నులతో ధర, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ ఉండాలి. తయారీ తేదీ అంటే కాయలు కోసిన రోజు కాదు, పోపు కలిపి తొక్కు పూర్తయిన రోజు. గ్రాముకు ఎంత పడుతుందో కూడా వేయాలి: 500 గ్రాములు 300 రూపాయలైతే గ్రాముకు 60 పైసలు. ఈ ధర, బరువు సంగతులు తూనికలు, కొలతల శాఖ కిందకు వస్తాయి. ప్యాక్ చేసేవాళ్లుగా అక్కడ కూడా పేరు నమోదు చేయించుకోవాలి. మీ త్రాసుకు వాళ్ల ముద్ర ఉండాలి.

పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకు రాయాలి. మన లెక్కలో నిమ్మ, పల్లి నూనె, ఉప్పు, కారం, మెంతి, పసుపు ఈ వరసలో వస్తాయి. చాలామంది ఉప్పును ముందు రాసి నూనెను చివర్లో పెడతారు, తూకం చూస్తే నూనే ఎక్కువ. నూనె అని ఊరుకోకుండా ఏ నూనో రాయాలి.

అలర్జీ వరస మీద ఇంకాస్త ఆగాలి. నిమ్మ తొక్కులో అలర్జీ ఏముంటుంది అనిపిస్తుంది. కానీ పల్లీలు చట్టం చెప్పిన జాబితాలో ఉన్నాయి, మనం వేసింది పల్లి నూనె. గోధుమ కూడా ఆ జాబితాలో ఉంది. బజారులో దొరికే ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో గోధుమ పిండో మైదానో కలిసి ఉంటుంది. కాబట్టి గోధుమ ఉంటే ఆ మాట విడిగా రాయాల్సిందే, నూనె కోసం పల్లీల మాట కూడా రాయడం మంచిది. సకినాల్లో నువ్వులు ఉంటాయి. అవి ఆ జాబితాలో లేకపోయినా రాయడమే మంచిది, నువ్వులు పడనివాళ్లు ఉన్నారు.

వంద గ్రాములకు శక్తి, కొవ్వు, చక్కెర, సోడియం వంటి పోషకాల పట్టిక కూడా కావాలి. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే మేలు. లేదంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పదార్థాల పట్టికల నుంచి, మన తూకాల ప్రకారం లెక్క కట్టొచ్చు. తూకం రాసి పెట్టుకున్నవాళ్లకే ఈ లెక్క సాధ్యం. సోడియం బెంజోయేట్ వేస్తే అది ప్రిజర్వేటివ్ అని, దాని నంబర్ ఐఎన్‌ఎస్ 211 అని రాయాల్సిందే. వేసి ‘ప్రిజర్వేటివ్‌లు లేవు’ అని రాస్తే అది నేరం. తప్పుడు లేబుల్‌కు మూడు లక్షల దాకా జరిమానా పడొచ్చు.

సీసా, సీల్, అట్టపెట్టె

గాజు సీసా అందంగా ఉంటుంది కానీ బరువు, పగిలే భయం రెండూ ఉన్నాయి. ఫుడ్‌గ్రేడ్ పెట్ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మూత లోపల రేకు సీల్ ఉండే రకం కొని, చేతితో వాడే ఇండక్షన్ సీలింగ్ మెషీన్‌తో అంటించాలి. ఇనుప మూతలు వద్దు, నిమ్మ పులుపు, ఉప్పు కలిసి తుప్పు పట్టిస్తాయి.

కారిపోయే పార్సిళ్లలో ఎక్కువ భాగం సీసా అంచు దగ్గరే చెడతాయి. గరిటెతో నింపేటప్పుడు అంచుకు నూనె అంటుతుంది. కంటికి కనిపించనంత పొర ఉన్నా రేకు అంటుకోదు, అంటినట్టు కనిపించి వేడికి ఊడుతుంది. గరాటుతో నింపి, ప్రతి అంచును పొడి టిష్యూతో రెండు సార్లు తుడవండి, రెండోసారి కొత్త టిష్యూతో. పైన ఒకటిన్నర సెంటీమీటర్ ఖాళీ వదలండి. వ్యాన్ వేడికి నూనె, గాలి రెండూ ఉబ్బుతాయి. నిండా నింపిన సీసాలో వాటికి చోటు లేక సీల్‌ను తోస్తాయి.

సీల్ వేశాక సీసాలను పేపర్ మీద తలకిందులుగా రాత్రంతా ఉంచండి. పొద్దున పేపర్ మీద ఒక్క నూనె మచ్చ కనిపించినా ఆ సీసా మళ్లీ సీల్ చేయాలి. బాగున్నవాటిని ఒక్కొక్కటి జిప్ కవర్‌లో పెట్టి, బబుల్ షీట్ చుట్టి, మూడు పొరల కంటే గట్టిగా ఉండే ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టండి. ఊపితే చప్పుడు రాకూడదు.

కొరియర్ బిల్లు ఎలా పడుతుంది

కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే ఆ అంకెకే డబ్బు. రెండు సీసాల పార్సిల్ అసలు బరువు పెట్టెతో కలిపి 1,350 గ్రాములనుకుందాం. 22, 16, 16 కొలతల పెట్టెలో పెడితే లెక్క 1.13 కిలోలు వస్తుంది, అసలు బరువే ఎక్కువ కాబట్టి కిలోన్నరకు బిల్లు పడుతుంది. అదే సీసాలను ఇంట్లో ఉన్న 30, 20, 20 పెట్టెలో పెడితే 2.4 కిలోలు, అంటే రెండున్నర కిలోల బిల్లు. పెట్టె మార్చినందుకే ఒక కిలో డబ్బు పోయింది. మీ సీసాలకు సరిపోయే రెండు కొలతల పెట్టెలు హోల్‌సేల్‌లో చేయించుకోండి.

సకినాలకు ఈ లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. అర కిలో సకినాలు విరగకుండా 25, 25, 20 పెట్టెలో పెడితే రెండున్నర కిలోలకు బిల్లు. సకినం వెడల్పుకు సరిపోయే గుండ్రటి డబ్బా తీసుకుని, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో బటర్ పేపర్ పెడితే చోటు తగ్గుతుంది, విరగడమూ తగ్గుతుంది. పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వాడిన నూనెలో మళ్లీ వేయిస్తే నెల తిరగకముందే కంపు వస్తుంది, కాబట్టి అమ్మకానికి కొత్త నూనే. అరిసెలు, నువ్వుల ముద్దలు ప్రయాణానికి తట్టుకుంటాయి. పాలకోవా, మలీద ముద్దలను మామూలు కొరియర్‌లో పంపకండి. కారం పొడులకు గాలి, తడి చొరని మూడు పొరల పౌచ్ చాలు.

నూనె ఉన్న పార్సిళ్లను విమానంలో చాలా కొరియర్లు తీసుకోవు. సర్ఫేస్, అంటే రోడ్డు మార్గమే అడగండి, లోపల పచ్చడి అని నిజం రాయండి. సోమవారం నుంచి బుధవారం లోపు పంపితే ఆదివారం గోడౌన్‌లో పడి ఉండదు. క్యాష్ ఆన్ డెలివరీ ఒప్పుకోకండి. తలుపు తీయక తిరిగొచ్చిన పార్సిల్‌కు రెండు వైపులా డబ్బు మనదే, ఆ సీసాను మళ్లీ ఇంకొకరికి అమ్మకూడదు. కొత్త కొరియర్‌తో మొదలుపెట్టే ముందు బెంగళూరులో మీవాళ్లకు రెండు పార్సిళ్లు పంపి, విప్పేటప్పుడు వీడియో తీయమనండి.

ఫోన్ వచ్చినప్పుడు

“అక్కా, సీల్ ఉబ్బింది, తినొచ్చా?” అని మెసేజ్ వస్తే మొదటి జవాబు ‘తినకండి’. తర్వాత బ్యాచ్ నంబర్ కనిపించే ఫోటో అడగండి. ఇంట్లో ఉంచిన అదే బ్యాచ్ మూడు సీసాలు తీసి చూడండి, పీహెచ్ కొలవండి. మూడూ బాగుంటే ఆ ఒక్క సీసాకు సీలో, తడి చెంచానో కారణం. డబ్బు తిరిగిచ్చి నోటుబుక్‌లో రాయండి. మీ దగ్గరి సీసాల్లో ఒక్కటి తేడాగా ఉన్నా, ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్లిందో బిల్లులు తీసి, అదే రోజు అందరికీ ఫోన్ చేసి తినొద్దని చెప్పండి. మిగిలిన సీసాలను షెల్ఫ్ మీద నుంచి దించి విడిగా పెట్టి, మీద ‘అమ్మకానికి కాదు’ అని రాయండి.